పాట పేరు ఎవరికీ గుర్తుండదు, లైనే గుర్తుంటుంది: గోదావరి ఊళ్ళ భక్తి పాటల వీడియోలకి టైటిల్, డిస్క్రిప్షన్ సంగతి

భీష్మ ఏకాదశి నాడు అంతర్వేదిలో రథం లాగుతారు, జనం కిటకిటలాడిపోతుంటారు, ఎక్కడో మైకులో కోలాటం పాట ఒకటి వస్తూ ఉంటుంది. తిరిగెళ్ళేటప్పుడు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వైపు వెళ్తూ ఒకావిడకి ఆ పాట గుర్తొచ్చి ఫోన్ తీసి వెతుకుతుంది. ఆమెకి పాట పేరు తెలీదు, పాడిందెవరో తెలీదు, ఏ ఛానల్ అన్నది అసలే తెలీదు. తెలిసింది మూడే ముక్కలు: ఊరు పేరు, దేవుడి పేరు, చెవిలో పడి ఉండిపోయిన ఒక లైను. ఆ లైను కూడా పూర్తిగా కాదు, రెండు మూడు మాటలు. ఇంగ్లీష్ అక్షరాల్లో కొడితే ఇలా ఉంటుంది:

```
antharvedi narasimha swami song godaramma kadali
```

ఇప్పుడు ఆ పాట పెట్టిన ఛానల్ వాళ్ళు దానికి ఏం టైటిల్ ఇచ్చి ఉంటారో ఊహించుకుంటే, చాలా మటుకు ఇలాంటిదే ఉంటుంది:

```
Sri Laxmi Narasimha Swamy New Song 2025 | Telugu Devotional Songs | Bhakthi Songs | Super Hit
```

ఆవిడ కొట్టిన మాటలు, ఈ టైటిల్లో ఉన్న మాటలు పక్కపక్కన పెట్టి చూస్తే కలిసేవి narasimha, song అనే రెండే. ఊరు లేదు, లైను లేదు. swami ఆవిడ i తో కొట్టింది, వీళ్ళు y తో రాశారు. మిగతా సగం టైటిల్లో ఉన్న bhakthi songs, super hit లాంటి మాటలు ఆ క్షణంలో ఆవిడ కొట్టేవి కావు. పైగా ఆ మాటల మీద పెద్ద పెద్ద మ్యూజిక్ కంపెనీల వీడియోలు వేలల్లో ఉన్నాయి, వాటి మధ్యలో ఒక ఊరి భజన బృందం వీడియో పైకి రావడం కష్టం. అదే ఊరు పేరూ, ఆ లైనూ కలిపి వెతికితే పోటీ దాదాపు ఉండదు, ఎందుకంటే ఆ పాట పాడింది వీళ్ళే. గెలవగలిగే చోటు వదిలేసి గెలవలేని చోట నిలబడటమే ఈ టైటిల్ చేస్తున్న పని.

ముందు ఊరు పేరు సంగతి చూద్దాం, ఎందుకంటే డెల్టాలో ఇది వట్టి సెర్చ్ సమస్య కాదు, దేవుడే మారిపోతాడు. లక్ష్మీ నరసింహ స్వామి అంటే యాదగిరిగుట్ట, మంగళగిరి, కోరుకొండ, అంతర్వేది, ఇలా ఎన్నో క్షేత్రాలు. ఊరు చెప్పకపోతే సెర్చ్ ఎక్కువ మంది చూసిన క్షేత్రం పాటల వైపే తీసుకెళ్తుంది. శివుడి పాటలైతే ఇంకా చిక్కు. పంచారామాల్లో నాలుగు గోదావరి జిల్లాల వైపే ఉన్నాయి కదా, అందులో ద్రాక్షారామంలో ఉన్నది భీమేశ్వరుడు, సామర్లకోటలో ఉన్నదీ భీమేశ్వరుడే, భీమవరం గునుపూడిలో ఉన్నది మాత్రం సోమేశ్వరుడు. పేరు చూసి భీమవరం కాబట్టి భీమేశ్వరుడే అనుకుని థంబ్‌నెయిల్ మీద తప్పు రాసేసే అవకాశం ఎంతో ఉంది. పోనీ సోమేశ్వరుడు అని ఒక్కమాట పెడితే సరిపోతుందా అంటే కోటిపల్లిలో ఉన్నది కూడా సోమేశ్వర స్వామే. అందుకని ఇక్కడి పాటలకి దేవుడి పేరూ ఊరి పేరూ విడదీయకుండా ఒకటే పేరు లాగా పక్కపక్కనే రాయాలి, "ద్రాక్షారామం భీమేశ్వర స్వామి", "గునుపూడి సోమేశ్వర స్వామి" అని, మధ్యలో గీత గాని వేరే మాట గాని పెట్టకుండా. జనం నోట్లోనూ అలాగే ఉంటుంది, టైప్ చేసేదీ అలాగే.

ఊరికి రెండు పేర్లున్నప్పుడు ఇంకో పని ఉంటుంది. ద్రాక్షారామాన్ని పాత గ్రంథాల్లో దక్షారామం అంటారు, ఇప్పటికీ పెద్దవాళ్ళు కొందరు ఆ మాటే వాడతారు. ఇది స్పెల్లింగ్ తేడా కాదు, ఇంకో పేరు. అలాగే వాడపల్లి వెంకటేశ్వర స్వామిని ఏడు శనివారాల వెంకన్న అంటారు, ఆ గుడిని కోనసీమ తిరుపతి అంటారు. ఆత్రేయపురం మండలంలోని ఆ ఊరి మీద పాట చేస్తే "ఏడు శనివారాలు" అన్న మాట డిస్క్రిప్షన్ మొదటి రెండు లైన్లలో లేకపోతే, ఏడు వారాల మొక్కు పెట్టుకుని దారిలో పాటలు వినడానికి వెతికేవాళ్ళకి ఆ వీడియో కనపడే దారే తగ్గిపోతుంది. నరసింహ స్వామిని నరసన్న అంటారు, సత్యనారాయణ స్వామిని సత్యదేవుడు అంటారు. గుడి బోర్డు మీద ఉండే పేరొకటి, ఇంట్లో పిలుచుకునే పేరొకటి, రెండూ వెతికేవాళ్ళున్నారు కాబట్టి రెండూ ఉండాలి, కానీ రెండూ టైటిల్లోనే ఉండక్కర్లేదు.

ఇక స్పెల్లింగులు. తెలుగు మాటని ఇంగ్లీష్ అక్షరాల్లో రాసేటప్పుడు మనకి ఒక పద్ధతంటూ లేదు, ఎవరి అలవాటు వాళ్ళది. త ని కొందరు t అంటారు, ఎక్కువమంది th అంటారు. ద ని d అనీ dh అనీ రాస్తారు. క్ష కి ksh ఉంది, x ఉంది. స్వామికి చివర y ఉంది, i ఉంది. నరసింహలో నైతే Narasimha, Narsimha, Nrusimha, Nrisimha నాలుగూ కనపడతాయి, చివరి రెండూ నృసింహ అన్న మాట నుంచి వచ్చినవి. ఇప్పుడు "అంతర్వేది లక్ష్మీ నరసింహ స్వామి" అన్న నాలుగు మాటలకి లెక్క కడితే, అంతర్వేదికి త రెండు రకాలు, ద రెండు రకాలు కలిపి నాలుగు, లక్ష్మికి రెండు, నరసింహకి నాలుగు, స్వామికి రెండు. గుణిస్తే 64 రకాలు. ఈ లెక్క చూసి భయపడి కొందరు డిస్క్రిప్షన్ కింద ఈ 64 రకాలూ కామాలు పెట్టి వరసగా దించేస్తారు.

అది రెండు రకాలుగా తప్పు. మొదటిది, సెర్చ్ మొత్తం వాక్యాన్ని అచ్చుగుద్దినట్టు పోల్చదు, మాటల వారీగా కూడా చూస్తుంది, కాబట్టి 64 వాక్యాలు అవసరం లేదు, 4, 2, 4, 2 కలిపి 12 మాటలు ఎక్కడో ఒకచోట ఒక్కోసారి ఉంటే చాలు. గుణకారం కాదు, కూడిక. రెండోది, డిస్క్రిప్షన్లో ట్యాగులు గుప్పించడం యూట్యూబ్ స్పామ్ నియమాల కిందకి వస్తుంది, వీడియో తీసేసే వరకూ వెళ్ళొచ్చు. దానికి తోడు ఆ 12 లో సగం నిజానికి రాయక్కర్లేనివే. Laxmi అని కొట్టినా Lakshmi ఉన్న వీడియోలు వస్తాయి, Swami కొడితే Swamy వి వస్తాయి, ఎందుకంటే ఇవి కోట్ల మంది కొట్టే మాటలు, సెర్చ్ ఎప్పుడో నేర్చేసుకుంది. నేర్చుకోనివి చిన్న ఊళ్ళ పేర్లు, గ్రామ దేవతల పేర్లు. ముక్తేశ్వరం పక్కన అయినవిల్లి వినాయకుడు ఉన్నాడు, దాన్ని Ainavilli, Aynavilli, Inavilli అని రాస్తారు. భీమవరం మావుళ్ళమ్మ తల్లికి Mavullamma, Maavullamma, Mavulamma ఉన్నాయి. శ్రమ పెట్టాల్సింది ఇక్కడ.

ఏది నేర్చుకుంది ఏది నేర్చుకోలేదు అన్నది ఊహించక్కర్లేదు, చూసుకోవచ్చు. లాగిన్ లేకుండా ప్రైవేట్ విండోలో యూట్యూబ్ తెరిచి ఒక స్పెల్లింగ్ కొట్టి వచ్చిన మొదటి పది వీడియోలు రాసుకోవాలి, తర్వాత రెండో స్పెల్లింగ్ కొట్టి అవే పది వస్తున్నాయా చూడాలి. రెండు లిస్టులూ దాదాపు ఒకటే అయితే ఆ తేడా గురించి మర్చిపోవచ్చు. లిస్టులు వేరుగా వస్తే మాత్రం ఆ రెండో స్పెల్లింగ్‌కి డిస్క్రిప్షన్లో చోటు ఇవ్వాలి. సొంత ఫోన్లో లాగిన్ అయ్యి చూస్తే కుదరదు, మన వీడియోలు మనమే చూసి చూసి ఉంటాం కాబట్టి మనవే పైకి చూపించి మోసం చేస్తుంది.

తెలుగు లిపిలో కొడితే స్పెల్లింగ్ గోల ఉండదు అనుకుంటారు గాని అక్కడా ఉంది, కాకపోతే తక్కువ. మావుళ్ళమ్మ, మావుళ్లమ్మ, మావుల్లమ్మ. సిద్ధి వినాయక, సిద్ది వినాయక. వేంకటేశ్వర, వెంకటేశ్వర. ఇప్పుడు పెద్దవయసు వాళ్ళు చాలామంది టైప్ చెయ్యరు, మైక్ నొక్కి మాట్లాడతారు, అప్పుడు ఫోన్ తనకి తెలిసిన స్పెల్లింగ్‌లోనే తెలుగు అక్షరాలు వేస్తుంది, మాట్లాడిన మనిషికి ఆ వత్తు సంగతి తెలియక్కర్లేదు కూడా. కాబట్టి తెలుగులో ఏ రూపం పెట్టాలి అని డౌట్ వస్తే ఫోన్లో మైక్ నొక్కి ఆ పేరు రెండు మూడుసార్లు మామూలుగా పలికి చూస్తే, ఏ రూపం పడుతుందో అదొకటి డిస్క్రిప్షన్లో ఉండాలి. టైటిల్లో మాత్రం సరైన రూపమే పెట్టాలి, అమ్మవారి పేరు తప్పుగా ఉన్న టైటిల్ చూసి ఊరివాళ్ళు బాధపడతారు, అది న్యాయమే.

ఇప్పుడు ఆ అంతర్వేది పాటనే తీసుకుని మొదటి నుంచీ కట్టుకుంటూ వద్దాం. ఊరికే ఉదాహరణకి పాట పల్లవి ఇలా ఉందనుకుందాం: "అంతర్వేది గట్టున వెలసిన నరసింహ సామీ, గోదారమ్మ కడలిని చేరే చోటున కొలువైనావా సామీ". కోలాటం పాట కాబట్టి ముందు ఒకరు పాడితే మిగతావాళ్ళు అందుకుంటారు, అందుకునేది మొదటి లైనే. పది సార్లు వినపడేది, చెవిలో ఉండిపోయేది కూడా అదే. టైటిల్లోకి వెళ్ళాల్సిన లైను సాహిత్యపరంగా బాగున్న లైను కాదు, పాటలో ఎక్కువసార్లు తిరిగి వచ్చే లైను. దాన్ని పాడినట్టే రాయాలి, పాటలో సామీ అంటే సామీ అనే, స్వామీ అని దిద్దకూడదు. గ్రాంథికంగా ఉండే పేరు ఎలాగూ పక్కన ఇంగ్లీష్ అక్షరాల్లో వస్తుంది. అలా చేస్తే టైటిల్ ఇది:

```
అంతర్వేది గట్టున వెలసిన నరసింహ సామీ | Antarvedi Lakshmi Narasimha Swamy Song
```

టైటిల్‌కి పరిమితి 100 క్యారెక్టర్లు. తెలుగులో కంటికి కనపడే అక్షరాలు వేరు, లెక్కలోకి వచ్చే క్యారెక్టర్లు వేరు. "లక్ష్మీ" చూడ్డానికి రెండు అక్షరాలే, లెక్కలో ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, దీర్ఘం. "శ్రీ" ఒక్కటే అక్షరం, లెక్కలో నాలుగు. అందుకే తెలుగులో గౌరవంగా "శ్రీ శ్రీ శ్రీ లక్ష్మీ నరసింహ స్వామి వారి దివ్య" అని మొదలెడితే అసలు మాట రాకముందే సగం చోటు అయిపోతుంది. పైన రాసిన టైటిల్ లెక్క 76, అందులో తెలుగు లైను 35. ఫోన్ సెర్చ్‌లో టైటిల్ రెండు లైన్లకి మించి కనపడదు, మిగతాది చుక్కల్లోకి పోతుంది, కాబట్టి పాట లైను ముందు ఉండటం, సంవత్సరం, న్యూ, సూపర్ హిట్ లాంటివి లేకపోవడం ముఖ్యం. సంవత్సరం వేస్తే వచ్చే ఏడు రథోత్సవానికి ఆ పాట పాతదైపోయినట్టు కనిపిస్తుంది. ఇది ప్రతి మాఘ మాసంలో మళ్ళీ వెతికే పాట, సినిమా పాట కాదు. రథోత్సవం లైవ్ వీడియో అయితే మాత్రం సంవత్సరం ఉండాలి, అది ఆ రోజుకి సంబంధించింది.

రెండు లిపులు ఒకే టైటిల్లో ఎందుకు, యూట్యూబ్‌లో భాషల వారీగా వేరే టైటిల్ పెట్టుకునే సదుపాయం ఉంది కదా అని అడగొచ్చు. ఉంది. తెలుగు టైటిల్ అసలుదిగా పెట్టి ఇంగ్లీష్ టైటిల్ అదనంగా చేర్చొచ్చు, చూసేవాళ్ళ ఫోన్ భాషని బట్టి అది మారుతుంది. కాకపోతే మన దగ్గర తెలుగు మాత్రమే చదవగలిగే వాళ్ళ ఫోన్లు కూడా చాలావరకు ఇంగ్లీష్ సెట్టింగ్‌లోనే ఉంటాయి, షాపులో కొన్నప్పుడు ఎలా ఇచ్చారో అలాగే వాడేస్తారు. అప్పుడు వాళ్ళకి ఇంగ్లీష్ టైటిల్ మాత్రమే కనపడి, గుర్తున్న తెలుగు లైను కంటపడదు. కువైట్, దుబాయ్ వెళ్ళిన కోనసీమ వాళ్ళ పిల్లలకి తెలుగు చదవడం రాకపోతే దానికి తిరగేసిన కష్టం. అందుకే ఒకే టైటిల్లో రెండూ ఉంచడం ఇక్కడి జనానికి నప్పుతుంది. లైన్ని రెండు లిపుల్లోనూ రాసేస్తే ఊరి పేరుకి చోటు మిగలదు, కాబట్టి లైను తెలుగులో, దేవుడి పేరూ ఊరూ ఇంగ్లీష్ అక్షరాల్లో, అని పంచుకోవడమే మంచిది.

డిస్క్రిప్షన్‌లో మొదటి రెండు మూడు లైన్లే తెరవకుండా కనపడతాయి. చాలా ఛానళ్ళు ఆ చోటుని సబ్‌స్క్రైబ్ చెయ్యండి, బెల్ నొక్కండి, ఫేస్‌బుక్ లింకు అని ఖర్చు పెట్టేస్తాయి. అక్కడ ఉండాల్సింది టైటిల్లో పట్టని రెండో లైను, ఇది ఏం పాట అన్న ఒక వాక్యం, రెండో స్పెల్లింగ్‌తో ఒక వాక్యం:

```
గోదారమ్మ కడలిని చేరే చోటున కొలువైనావా సామీ...
అంతర్వేది నరసన్న కోలాటం పాట, పూర్తి లిరిక్స్ కింద ఉన్నాయి.
Antharvedi Narsimha Swami kolatam pata lyrics
```

చూడండి, మొదట్లో ఆవిడ కొట్టిన godaramma, kadali ఇంకా ఇంగ్లీష్ అక్షరాల్లో ఎక్కడా రాలేదు. దానికి కింద లిరిక్స్ రెండు లిపుల్లోనూ పూర్తిగా ఇవ్వాలి, ముందు తెలుగు, తర్వాత ఇంగ్లీష్ అక్షరాలు. ఆ రెండోది వాట్సాప్‌లో మనం మెసేజ్ కొట్టినట్టే ఉండాలి, యూనివర్సిటీ పుస్తకాల్లో లాగా అక్షరాల మీద గీతలూ కింద చుక్కలూ పెట్టి రాస్తే అది చదువుకున్న పద్ధతే గాని అలా వెతికేవాళ్ళు లేరు.

```
Antarvedi gattuna velasina Narasimha saami
Godaramma kadalini chere chotuna koluvainava saami
```

ఇక్కడ ఒక చిన్న వీలు ఉంది. పల్లవి పాటలో చరణం చరణానికీ తిరిగి వస్తుంది కదా, రెండోసారి రాసేటప్పుడు Antharvedi అనీ, gattuna బదులు జనం రాసే ఇంకో రూపం ఉంటే అదీ రాయొచ్చు. పాట చదివేవాళ్ళకి ఇబ్బంది లేదు, స్పెల్లింగుల జాబితా లాగా వికారంగానూ ఉండదు. అయినా దీన్ని ప్రతి మాటకీ చేస్తే చదవడానికి చిరాకే, ఊరి పేరుకీ దేవుడి పేరుకీ చేస్తే చాలు.

లిరిక్స్ అతికించే దగ్గర డెల్టాలో మామూలుగా జరిగే పొరపాటు ఒకటుంది, దీన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి. భజన బృందాల దగ్గర పాటలు డీటీపీ షాపులో కొట్టించిన చిన్న పుస్తకాల్లో ఉంటాయి, ఆ ఫైలు Anu ఫాంట్లలో ఉంటుంది. షాపు వాళ్ళు ఫైలు ఇస్తే దాంట్లోంచి కాపీ చేసి డిస్క్రిప్షన్లో అతికిస్తే తెలుగు రాదు, ఇంగ్లీష్ అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి వస్తుంది. ఎందుకంటే ఆ ఫాంట్లు ఫోన్లూ వెబ్‌సైట్లూ వాడే యూనికోడ్ కావు, లోపల ఉన్నది ఇంగ్లీష్ అక్షరాల కోడే, పైన తెలుగు బొమ్మ వేసి చూపిస్తాయి అంతే. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక వత్తులూ ళ, ణ అక్షరాలూ ఒకసారి పాట వింటూ సరిచూసుకోవాలి, అక్కడే జారిపోతుంటాయి. పీడీఎఫ్ నుంచి కాపీ చేసినా వత్తులు విడిపోయి "లక్‌ష్మీ" లాగా రావచ్చు. కంటికి కొంచెం తేడాగా కనపడే ఈ మాట సెర్చ్‌కి పూర్తిగా వేరే మాట అయిపోవచ్చు. చెక్ చెయ్యడం తేలిక: అతికించాక ఒక లైను కాపీ చేసి ఫోన్లో ఇంకొకరికి మెసేజ్ పంపి, వాళ్ళ ఫోన్లో సరిగ్గా కనపడుతోందా చూడాలి, తర్వాత ఆ మాటని చేత్తో టైప్ చేసి పేజీలో వెతికితే దొరుకుతోందా చూడాలి. దొరక్కపోతే లోపల కోడ్ వేరే ఉన్నట్టే. కొందరు లిరిక్స్‌ని వీడియోలో బొమ్మగా వేసి సరిపెట్టుకుంటారు, అది పాడుకోవడానికి బాగుంటుంది గాని డిస్క్రిప్షన్లో అక్షరాలు ఉన్నదానికి అది బదులు కాదు. సబ్‌టైటిల్స్ ఫైలుగా తెలుగు లిరిక్స్ టైముతో సహా పెడితే ఇంకా మంచిది, వినికిడి తక్కువున్న పెద్దవాళ్ళకి కూడా పనికొస్తుంది.

డిస్క్రిప్షన్ పరిమితి 5000 అని అందరికీ తెలుసు, యూట్యూబ్ డెవలపర్ డాక్యుమెంట్లలో అది 5000 బైట్లు అని ఉంది. యూనికోడ్ మామూలుగా వాడే రూపంలో తెలుగు క్యారెక్టర్ ఒక్కోటి మూడు బైట్లు, ఇంగ్లీష్ అక్షరం ఒకటే బైటు. ఏదైనా టూల్ ద్వారా అప్‌లోడ్ చేసేవాళ్ళు ఆ లెక్క చూసుకుంటే తెలుగులో 1600 పైచిలుకు క్యారెక్టర్లే. మూడు చరణాల పాటకి పర్లేదు, పదహారు లైన్లు, లైనుకి 35 చొప్పున 560 క్యారెక్టర్లు, అంటే 1680 బైట్లు, ఇంగ్లీష్ అక్షరాల్లో ఇంకో 700, మొత్తం కలిపి సగంలో సరిపోతుంది. సహస్రనామాలూ పెద్ద స్తోత్రాలూ అయితే పట్టవు. వాటికి ఒక్కో భాగం మొదటి మాటలు టైముతో ఇస్తే చాప్టర్లుగా పనికొస్తాయి, మొదటిది 00:00 తో మొదలవ్వాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కోటి పది సెకన్లకి తగ్గకూడదు. స్తోత్రాల విషయంలో మొదటి మాటలే పేరు కన్నా బలం అన్నది కూడా గుర్తుండాలి. లింగాష్టకం అని తెలిసినా "బ్రహ్మమురారి సురార్చిత" అని కొట్టేవాళ్ళు తక్కువేం కాదు, కాబట్టి టైటిల్లో రెండూ ఉండాల్సిందే.

ట్యాగుల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. వీడియో కనపడటంలో ట్యాగుల పాత్ర చాలా తక్కువ అని, జనం తరచూ తప్పుగా రాసే మాటలకి మాత్రం ఉపయోగం అని యూట్యూబే చెప్తుంది. అంటే మనం టైటిల్లో పెట్టడానికి ఇష్టపడని తప్పు రూపాలకి అది సరైన చోటు. మొత్తం 500 క్యారెక్టర్లలో ఇలాంటివి పెట్టి వదిలేస్తే చాలు:

```
anthervedi, antarvedhi, antarvedi narasanna, nrusimha swamy kolatam, అంతర్వేది నరసన్న పాట
```

హ్యాష్‌ట్యాగులు రెండు మూడు చాలు, 60 దాటితే యూట్యూబ్ మొత్తం అన్నిటినీ పక్కన పడేస్తుంది.

పాటకి సంబంధం లేని దేవుళ్ళ పేర్లు ఇరికించడం మాత్రం అస్సలు చెయ్యకూడదు. కార్తీకంలో శివుడి పేరు ఎక్కువ వెతుకుతారని నరసింహ స్వామి పాట కింద శివుడి పేర్లు, అయ్యప్ప దీక్షల టైములో అయ్యప్ప పేర్లు, ఈ పాట పాడని పెద్ద గాయకుల పేర్లు పెడుతుంటారు. నియమాల్లో అది తప్పుదారి పట్టించే సమాచారం కిందకి వస్తుంది, అది ఒకటైతే, దీక్షలో ఉన్న మనిషి స్వామి పాట కోసం వచ్చి ఇంకోటి వినపడితే వెంటనే వెనక్కి పోతాడు, ఆ వెళ్ళిపోవడం వీడియోకే చేటు చేస్తుంది.

పెట్టాక పని అయిపోలేదు. యూట్యూబ్ స్టూడియోలో అనలిటిక్స్‌కి వెళ్ళి ట్రాఫిక్ సోర్సుల్లో యూట్యూబ్ సెర్చ్ తెరిస్తే జనం ఏ మాటలు కొట్టి ఈ వీడియోకి వచ్చారో జాబితా ఉంటుంది, ఒక్కో మాటకీ ఎన్ని వ్యూస్, సగటున ఎంతసేపు చూశారు అన్నది పక్కనే ఉంటుంది. చిన్న ఛానళ్ళకి మొదటి వారంలో అక్కడ ఏమీ ఉండకపోవచ్చు, పండగ దాటాక చూడాలి. మూడు రకాలు కనపడతాయి. ఊరి పేరుతో వచ్చి పాట మొత్తం వినేవాళ్ళు, వీళ్ళ కోసమే ఈ పనంతా. "lakshmi narasimha songs" లాంటి పెద్ద మాటతో వచ్చి కొద్దిసేపు విని పోయేవాళ్ళు, వీళ్ళ గురించి ఏం చెయ్యక్కర్లేదు. మూడో రకం, మనం అనుకోని మాటతో వచ్చి చివరిదాకా వినేవాళ్ళు, అసలు బంగారం ఇదే. ఉదాహరణకి "gattuna" ని "guttana" అని కొట్టి వస్తున్నారంటే మైకులో అది గుట్టన అని వినపడుతోందన్న మాట, లేదా "radham pata" అని కొట్టి వస్తున్నారంటే ఊళ్ళో ఈ పాటకి ఆ పేరు పడిపోయిందన్న మాట. గుట్టన అన్నది తప్పు వినికిడి కాబట్టి ట్యాగుల్లోకి, రథం పాట అన్నది జనం పెట్టిన పేరు కాబట్టి డిస్క్రిప్షన్ రెండో లైన్లోకి వెళ్ళాలి. ఆ జాబితాలో "ugram veeram" లాంటి మాటతో వచ్చి పది పదిహేను సెకన్లలో వెళ్ళిపోతున్నారని తెలిస్తే, వాళ్ళకి కావాల్సింది నరసింహ మంత్రం, ఈ కోలాటం కాదు. డిస్క్రిప్షన్లో ఆ మాటలు ఎక్కడైనా ఉంటే తీసెయ్యాలి.

మార్పులు ఒక్కోసారి ఒక్కటే చెయ్యడం మేలు, టైటిల్ మార్చిన వారంలోనే థంబ్‌నెయిల్ కూడా మారిస్తే ఏది పని చేసిందో తెలీదు. అంతర్వేది పాటకైతే మాఘ శుద్ధ దశమి కల్యాణానికి ఒక నెల ముందే టైటిలూ డిస్క్రిప్షనూ సరిచేసి పెట్టి, ఏకాదశి రథం అయ్యాక ఒక పదిహేను రోజులకి ఆ సెర్చ్ మాటల జాబితా తీసి కాగితం మీద రాసుకుని, వచ్చే ఏడు పాటకి పల్లవి రాసేవాళ్ళ చేతిలో పెట్టొచ్చు.